బీచ్ రోడ్డు చారిటీ రన్‌కి క్యాప్షన్ రాయడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో చలికాలం మొదలవగానే ఏదో ఒక వాకర్స్ క్లబ్బో, కాలేజీయో, అపార్టుమెంట్ అసోసియేషనో చారిటీ రన్ తలపెడుతుంది. పోస్టర్ డిజైనర్ చేస్తాడు. దాని కింద రాసే నాలుగు ముక్కలు మాత్రం గ్రూపులో ఎవరో ఒకరి మీద పడతాయి. "తెలుగు బాగా రాస్తావు కదా, నువ్వే కానిచ్చెయ్" అంటారు. అలా పడ్డవాళ్ల కోసమే ఈ పేజీ.

చెప్పేది గాల్లో తేలిపోకుండా ఒక ఊహా రన్ పెట్టుకున్నాం. డిసెంబరులో ఒక ఆదివారం, ఆర్కే బీచ్ కాళీమాత గుడి ముందు మొదలు. 3, 5, 10 కిలోమీటర్లు. వచ్చిన డబ్బుతో వినికిడి లోపం ఉన్న పిల్లలకు వినికిడి యంత్రాలు కొంటారు. రన్ ఊహే, రేట్లూ లెక్క అర్థం కావడానికి వేసినవే. రోడ్డు మాత్రం మనందరికీ తెలిసిందే.

క్యాప్షన్ మొదలుపెట్టే ముందు చేతిలో ఏం ఉండాలి?

నాలుగు విషయాలకు ఖాయమైన జవాబులుండాలి. పోలీసుల అనుమతి ఏ రోడ్డుకి, ఏ టైము నుంచి ఏ టైము దాకా వచ్చింది? దూరం ఎవరు కొలిచారు? ఒక్కో మనిషి మీద ఖర్చు ఎంత? అంబులెన్స్ ఎక్కడ నిలబడుతుంది?

వీటిలో ఒక్కదానికైనా "అయిపోతుంది లెండి, మీరు రాసేయండి" అని జవాబొస్తే ఆ ముక్క ఇంకా రాయకండి. క్యాప్షన్‌లో ఒకసారి పడ్డ మాటని జనం మాట ఇచ్చినట్టే తీసుకుంటారు. అనుమతి రాకముందే రూట్ ప్రకటించి, తర్వాత పోలీసులు సగానికి కుదిస్తే, 10 కిలోమీటర్లకి డబ్బు కట్టినవాళ్లు అడిగేది మిమ్మల్నే. అప్పటిదాకా తేదీ, కారణం, "రూట్ వివరాలు త్వరలో" అని చిన్న పోస్టు పెట్టుకుంటే సరిపోతుంది. ఎవరూ ఏమీ అనుకోరు.

మొదటి లైన్లో ఏం రాయాలి?

ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్ 2,200 క్యారెక్టర్ల దాకా తీసుకుంటుంది. కానీ చూసేవాడికి మొదట కనబడేది ఒకటి రెండు లైన్లే, మిగతాది మడత వెనక ఉంటుంది. తెలుగులో ఇంకో చిక్కు. గుణింతాలు, ఒత్తులు, సున్నాలు విడివిడిగా లెక్కకొస్తాయి. "విశాఖపట్నం" అన్న ఒక్క మాటకే పది క్యారెక్టర్లు ఖర్చు. అందుకని ఇంగ్లీషు పోస్టు పొడవు చూసుకుని తెలుగులో అంతే రాద్దామంటే చోటు తొందరగా అయిపోతుంది.

కాబట్టి మొదటి లైన్లో తేదీ, చోటు, దూరాలు, ఎవరి కోసం అన్న నాలుగూ రావాలి. "పరుగుతో మార్పు తెద్దాం!" లాంటి వాక్యంతో మొదలుపెడితే మడత పైన ఉన్న చోటంతా దానికే పోతుంది. చదివినవాడికి అది ఏ ఊళ్లోనో కూడా తెలియదు. ఆ వాక్యం మీద అంత ప్రేముంటే పోస్టర్ మీద వేయించండి.

రూట్ ఎలా రాయాలి? మ్యాప్ పెట్టాం కదా, సరిపోదా?

సరిపోదు. ఫోన్లో మ్యాప్ బొమ్మ వేలెడంత కనిపిస్తుంది. పైగా వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యేది చాలాసార్లు టెక్స్ట్ ఒక్కటే. బొమ్మ ఎక్కడో రాలిపోతుంది.

రూట్‌ని దారి చెప్పినట్టు రాయండి. విశాఖవాళ్లు బీచ్ రోడ్డుని మీటర్లతో గుర్తుపెట్టుకోరు. కాళీమాత గుడి, సబ్‌మెరైన్ మ్యూజియం, పార్క్ హోటల్ జంక్షన్, వీఎంఆర్డీఏ పార్కు (చాలామంది నోట్లో ఇంకా వుడా పార్కే), అప్పూఘర్, తెన్నేటి పార్కు అన్న వరసతో గుర్తుపెట్టుకుంటారు. మీరూ ఆ వరసలోనే రాయండి. "కాళీమాత గుడి దగ్గర మొదలు. సబ్‌మెరైన్, పార్క్ హోటల్ మీదుగా తెన్నేటి పార్కు వైపు. 5వ కిలోమీటరు బోర్డు దగ్గర వెనక్కి తిరిగి, అదే దారిలో గుడి దగ్గరికే." ఇంత చాలు.

ఇందులో రెండు విషయాలు జనం తప్పకుండా అడుగుతారు. ఒకటి, బయల్దేరిన చోటికే తిరిగి వస్తామా, లేక వేరే చోట ముగుస్తుందా అని. బండి ఎక్కడ పెట్టాలి, పిల్లల్ని తీసుకొచ్చిన భార్యాభర్తలు ఎక్కడ ఎదురుచూడాలి అన్నవన్నీ దీని మీదే ఆధారపడతాయి. రెండోది ఎత్తు. ఆర్కే బీచ్ నుంచి కొంతదూరం రోడ్డు దాదాపు సమంగానే ఉంటుంది. కైలాసగిరి కిందికి వచ్చేసరికి ఎక్కాల్సి వస్తుంది. మీ రూట్ అక్కడిదాకా వెళ్తే "వెనక్కి తిరిగే ముందు చిన్న ఎత్తు ఉంది" అని ఒక ముక్క రాయండి. మొదటిసారి 10 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లకి ఆ ఒక్క ముక్క చాలా పనికొస్తుంది.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. అదే రోడ్డు మీద పొద్దున్నే జాలరిపేట వాళ్లకి పనుంటుంది. చేపల బుట్టలు, ఆటోలు, వలలు అన్నీ ఆ వేళలోనే కదులుతాయి. రన్ కోసం రోడ్డు ఒక పక్కే మూస్తుంటే ఏ పక్క తెరిచి ఉంటుంది, ఎన్నింటి దాకా అన్నది కూడా రాయాలి. అది పరిగెత్తేవాళ్ల కోసం కాదు, ఆ రోడ్డు మీద బతికేవాళ్ల కోసం. వాళ్లకి విడిగా ఒక చిన్న నోటీసు తయారు చేసి కాలనీ గ్రూపుల్లో పెడితే ఇంకా మంచిది.

దూరం ఫోన్‌తో కొలిస్తే చాలదా?

పదిమంది సరదాగా పరిగెత్తడానికైతే చాలు. "10కె" అని డబ్బు తీసుకుంటున్నప్పుడు చాలదు. ఫోన్ జీపీఎస్ తప్పటడుగులు వేస్తుంది. కారు రీడింగ్ ఎటూ గుండుగుత్తదే. రోడ్డు రేసులు కొలవడానికి ప్రామాణిక పద్ధతి సైకిల్. ముందుగా టేపుతో కొలిచిన దూరం మీద సైకిల్ తొక్కి, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కగట్టి, తర్వాత అదే సైకిల్‌తో రూట్ అంతా కొలుస్తారు. అలా కొలిచాక కూడా, తక్కువ రాకుండా వెయ్యికి ఒక వంతు కలుపుతారు. అంటే 10 కిలోమీటర్లకి 10 మీటర్లు.

మీరు అంత దూరం వెళ్లకపోయినా పర్వాలేదు. కాకపోతే "సుమారు 10 కి.మీ." అని నిజాయితీగా రాయండి. ఆరోజు సాయంత్రం "నా వాచీలో 10.2 వచ్చింది" అని ఒకరు, "9.8 వచ్చింది" అని ఇంకొకరు కామెంట్ పెట్టడం ఖాయం. మలుపుల్లో బయటి అంచు పట్టుకుని, జనాన్ని తప్పించుకుంటూ పరిగెత్తితే వాచీ ఎక్కువ చూపించడం మామూలే.

కేటగిరీల దగ్గర ఏం రాయాలి?

దూరం, వయసు, మొదలయ్యే టైము, కటాఫ్. వయసుకి "రన్ రోజు నాటికి" అన్న మాట తప్పనిసరి. లేకపోతే "మా అబ్బాయికి వచ్చే నెలలో పద్నాలుగు నిండుతాయి, పర్లేదా?" అన్న ఫోన్లు ఆగవు. పిల్లలకి అమ్మానాన్నల సంతకం కావాలంటే ఆ ముక్కా ఇక్కడే.

కటాఫ్ అంటే రన్ పూర్తి చేయడానికి ఇచ్చే గరిష్ఠ సమయం అని సగం మందికి తెలియదు. దాన్ని నడకలోకి మార్చి చెప్పండి. మన ఊహా రన్‌లో 10కె కటాఫ్ 90 నిమిషాలు, అంటే కిలోమీటరుకి 9 నిమిషాలు. గంటకి 6 కిలోమీటర్ల చొప్పున గబగబా నడిచినా 100 నిమిషాలు పడుతుంది కాబట్టి, మొత్తం నడిచి పూర్తి చేయడం కుదరదు, మధ్యలో కొంత పరిగెత్తాల్సిందే. "10కె కటాఫ్ 90 నిమిషాలు, నడిచేవాళ్లు 5కె తీసుకోండి" అని ఒక్క లైను రాస్తే, ఉత్సాహంలో పెద్ద కేటగిరీ కట్టేసిన మావయ్యలు చాలామంది సర్దుకుంటారు. రోడ్డు ఎన్నింటికి తెరుస్తారో కూడా దీన్ని బట్టే ఉంటుంది. కటాఫ్ దాటినవాళ్ల మీద కోపంతో పెట్టేది కాదు.

"ఫన్ రన్" అని రాస్తే దూరం రాయక్కర్లేదని కొందరనుకుంటారు. రాయాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకి 3 కిలోమీటర్లకీ 5 కిలోమీటర్లకీ చాలా తేడా.

ఎన్నింటికి మొదలుపెడితే బాగుంటుంది? పొద్దున్నే డీజే, జుంబా కూడా పెడదామనుకుంటున్నాం.

డిసెంబరు మధ్యలో ఇక్కడ సూర్యోదయం దాదాపు 6:20కి. అదే మే నెలాఖర్లో 5:25 ప్రాంతం. మనకి సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు కాబట్టి, ఉత్తరం వైపు వెళ్లేటప్పుడు కుడిచేతి పక్కనుంచి ఎండ నేరుగా కొడుతుంది. అడ్డుపడే చెట్టూ లేదు, మేడా లేదు. 10కె వాళ్లని 5:45కే వదిలితే సగం దూరం చల్లగా గడుస్తుంది. క్యాప్షన్‌లో "టోపీ తెచ్చుకోండి" అని రాస్తే చాలు. అయితే వెలుగు రాకముందు మొదలవుతుంది కాబట్టి వీధిదీపాలు వెలుగుతున్నాయో లేదో ముందురోజు తెల్లవారుజామున ఒకరు వెళ్లి చూసి రావాలి.

డీజే సంగతి జాగ్రత్త. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. "5 గంటలకి డీజేతో జుంబా" అని మీరే పోస్టులో రాసేస్తే, ఎదురు అపార్టుమెంట్లో నిద్ర చెడినాయనకి ఫిర్యాదు కాగితం మీరే రాసిచ్చినట్టు. వార్మప్ 5:15కి పెట్టుకుని నోటితో చెప్పించండి, పాటలు 6 దాటాక.

ఫీజు గురించి ఎంత వివరంగా చెప్పాలి?

ఎంత కట్టాలి, అందులో ఏమొస్తుంది, పిల్లలకి ఎంత చేరుతుంది అన్న మూడూ చెప్పాలి. మూడోది చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు. చారిటీ రన్‌కీ మామూలు రన్‌కీ తేడా అక్కడే కదా.

మన ఊహా రన్‌లో 5కె ఫీజు రూ.400 అనుకుందాం. టీషర్టు 160, మెడల్ 60, టిఫిన్ 50, నీళ్లు-ఓఆర్‌ఎస్ 15, ఒంటికి తగిలించుకునే నంబరు కాగితం, అదే బిబ్, 15, అంబులెన్స్, బారికేడ్ల వంతు 30. మొత్తం 330. పిల్లలకి మిగిలేది రూ.70. పేమెంట్ గేట్‌వే కోత ఉంటే అదీ ఇందులోంచే పోతుంది. ఈ లెక్క తెలిశాక "మీ రూ.400తో ఒక చిన్నారికి వినికిడి" అని రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు.

దీనికి రెండు దారులున్నాయి. టీషర్టు, మెడల్ ఖర్చు ఒక స్పాన్సర్ పెట్టుకుంటే మిగిలేది రూ.290 అవుతుంది. స్పాన్సర్ దొరక్కపోతే టీషర్టు, మెడల్ లేకుండా రూ.250కి ఇంకో ఎంట్రీ పెట్టండి. దాని మీద ఖర్చు 110, పిల్లలకి చేరేది 140. తక్కువ కట్టినవాడే రెట్టింపు ఇచ్చినట్టవుతుంది. ఇంట్లో ఇప్పటికే నాలుగు రన్‌ల టీషర్టులు మూలుగుతున్నవాళ్లు ఈ ఎంట్రీ సంతోషంగా తీసుకుంటారు. నా మటుకు నాకు, ఏ చారిటీ రన్‌లోనైనా ముందు ఈ ఎంట్రీయే పెట్టాలనిపిస్తుంది. టీషర్టు లేకపోతే జనం రారు అనే వాదన ఉంది. అది కొంత నిజమే కాబట్టి రెండూ ఉంచమంటున్నాను.

క్యాప్షన్‌లో లెక్కంతా పెట్టక్కర్లేదు. "టీషర్టుతో రూ.400 (రూ.70 పిల్లలకి), టీషర్టు, మెడల్ లేకుండా రూ.250 (రూ.140 పిల్లలకి)" అంటే చాలు. రన్ అయ్యాక మొత్తం లెక్క ఏ తేదీన ఎక్కడ పెడతారో కూడా ఒక లైను. ఆ తేదీ ముందే రాసేస్తే లెక్క తేల్చక తప్పదు. గ్రూపులో కోశాధికారి కాస్త గొణిగినా సరే.

"80జి మినహాయింపు ఉంది" అని రాయొచ్చా?

ఆడిటర్‌ని అడగకుండా రాయొద్దు. టీషర్టు, మెడల్, టిఫిన్ తీసుకుంటూ కట్టే ఎంట్రీ ఫీజు విరాళం కిందికి రాదు, అది ఒక సేవకి చెల్లించిన డబ్బు. ఫీజు కాకుండా విడిగా ఇచ్చే విరాళానికి, అదీ పుచ్చుకునే సంస్థకి 80జి గుర్తింపు ఉంటేనే, మినహాయింపు ప్రశ్న వస్తుంది. అది కూడా పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. నగదుగా రెండు వేలు దాటి ఇస్తే అస్సలు వర్తించదు. అందుకే ఫారంలో "ఫీజు" ఒక గడి, "అదనంగా విరాళం" ఇంకో గడి పెట్టించండి. పన్ను గురించిన మాట రెండో గడి పక్కనే ఉంచండి.

భద్రత గురించి ఏం రాయాలి? భయపెట్టినట్టు ఉండకూడదు కదా.

"వైద్య సదుపాయం కలదు" అన్న మాట ఎవరికీ ఉపయోగపడదు. ఎక్కడుంది, ఎలా గుర్తుపట్టాలి, ఎవరికి చెప్పాలి అన్నవి రాస్తే భయం పోతుంది, టెన్షనూ తగ్గుతుంది. "అంబులెన్సులు: గుడి దగ్గర ఒకటి, 5వ కిలోమీటరు దగ్గర ఒకటి. నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్రతి 2.5 కిలోమీటర్లకి. బిబ్ మీద ఉన్న నంబరుకి ఫోన్ చేయండి, లేదా 108." ఇందులో భయపెట్టేది ఏముంది?

మన ఊళ్లో ముఖ్యంగా చూసుకోవాల్సింది ఉక్కపోత. డిసెంబరులో చల్లగానే ఉంది కదా అనిపిస్తుంది, కానీ సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, తేమలో అది ఆరదు. అందుకే పొడి ఊళ్లో అలవాటుగా పరిగెత్తే వేగంతో ఇక్కడ పరిగెత్తితే ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. హైదరాబాదు నుంచి వచ్చే చుట్టాలకి ఇది తెలియదు. వాళ్ల కోసం "మొదటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా" అని రాయండి.

వాలంటీర్లకి మాత్రం విడిగా ఒక కాగితం ఇవ్వాలి. పరిగెత్తేవాడు తూలుతున్నా, తికమకగా మాట్లాడుతున్నా, తన పేరు, ఊరు సరిగ్గా చెప్పలేకపోతున్నా అది మామూలు అలసట కాదు, వడదెబ్బ అయ్యుండొచ్చు. ఒంటి మీద చెమట కారుతూనే ఉండొచ్చు, దాన్ని చూసి మోసపోకూడదు. వెంటనే అంబులెన్స్‌కి చెప్పి, అది వచ్చేదాకా ఊరుకోకుండా నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ, విసురుతూ, చంకల్లో, మెడ దగ్గర ఐస్ పెట్టాలి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. అందుకే ఎయిడ్ స్టేషన్లో తాగే నీళ్లే కాదు, పోసుకునే నీళ్లూ, ఐసూ ఉండాలి. ఉన్నాయో లేదో కనుక్కున్నాకే క్యాప్షన్‌లో "ఎయిడ్ స్టేషన్లు" అన్న మాట వాడండి.

దీనికి ఎదురు ప్రమాదం కూడా ఉంది. కనిపించిన ప్రతి స్టాల్ దగ్గరా నిలబడి లీటర్ల కొద్దీ తాగేస్తే ఒంట్లో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి. "దాహమేసినప్పుడు తాగండి" అన్నది మంచి సలహా. "వీలైనంత ఎక్కువ నీళ్లు తాగండి" అని రాయకండి.

ఎవరు డాక్టర్ని అడిగి రావాలి అన్నది ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: గుండె జబ్బు, బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు, ఈ మధ్య నడుస్తుంటే ఛాతీలో నొప్పి వచ్చినవాళ్లు. ఆ వారంలో జ్వరం వచ్చినవాళ్లు మానుకోవాలి. వాళ్ల ఎంట్రీని ఇంట్లో ఇంకొకరికి మార్చుకోవచ్చని కూడా రాస్తే, డబ్బు పోతుందని జ్వరంతోనే పరిగెత్తేవాళ్లు తగ్గుతారు. అయితే పేరు మార్పించుకోకుండా ఇంకొకరి బిబ్ తగిలించుకుని రావడానికి ఒప్పుకోకండి. పడిపోయిన మనిషి దగ్గర ఉండేది బిబ్ ఒక్కటే. దాని మీద వేరేవాళ్ల పేరు, వేరేవాళ్ల బ్లడ్ గ్రూపు ఉంటే ఏమవుతుందో ఆలోచించండి.

రిజిస్ట్రేషన్ ఎలా చెప్పాలి?

ఒకటే దారి పెట్టండి. "లింక్‌లో గానీ, డీఎం చేసి గానీ, ఫలానా షాపులో గానీ" అంటే మూడు చోట్ల మూడు లిస్టులు తయారవుతాయి, చివర్లో ఎవరి పేరూ దొరకదు. ఫోన్లో ఫారం నింపలేని పెద్దవాళ్ల కోసం ఒక వాలంటీరు అదే లింకులో వాళ్ల తరఫున నింపితే సరి.

ఇన్‌స్టాగ్రామ్ మామూలు పోస్టు క్యాప్షన్‌లో లింకు పెట్టినా నొక్కితే తెరుచుకోదు. కాబట్టి అక్కడ "లింక్ మా బయోలో" అని రాసి, నిజంగా బయోలో పెట్టారో లేదో చూసుకోండి. ఫేస్‌బుక్, వాట్సాప్‌లలో లింకు నేరుగా పనిచేస్తుంది.

డబ్బు యూపీఐలో తీసుకుంటుంటే, స్కాన్ చేసినప్పుడు తెర మీద ఏ పేరు కనబడాలో క్యాప్షన్‌లోనే రాయండి. మంచి కారణం పేరుతో నకిలీ క్యూఆర్‌లు తిప్పేవాళ్లుంటారు, పేరు సరిచూసుకుంటే సగం మోసాలు అక్కడే ఆగిపోతాయి. రీఫండ్ ఇస్తామంటూ ఎవరైనా ఫోన్ చేసి పిన్ కొట్టమంటే కొట్టొద్దని కూడా చెప్పండి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

డబ్బు కట్ అయి కన్ఫర్మేషన్ రానివాళ్లు ఎప్పుడూ ఉంటారు. కంగారులో వాళ్లు మళ్లీ కడతారు. "డబ్బు కట్ అయి మెసేజ్ రాకపోతే మళ్లీ కట్టకండి. యూపీఐ యాప్‌లో ఉన్న 12 అంకెల లావాదేవీ నంబరు మాకు పంపండి" అన్న లైను మీకు బోలెడు ఫోన్లు తప్పిస్తుంది.

ఆఖరు తేదీ పక్కన కారణం కూడా చెప్పండి. "టీషర్టు సైజులు ఆ రోజే ఆర్డరిస్తాం" అంటే జనం అర్థం చేసుకుంటారు. కారణం లేని ఆఖరు తేదీని మనవాళ్లు ఆఖరు తేదీగా లెక్కపెట్టరు.

మొత్తం కలిపి ఒకసారి రాసి చూపిస్తారా?

ఖాళీలు మీరు పూరించుకోండి.

> డిసెంబరు ___, ఆదివారం, ఆర్కే బీచ్‌లో 3, 5, 10 కి.మీ. చారిటీ రన్. వచ్చిన డబ్బుతో పిల్లలకి వినికిడి యంత్రాలు.
>
> రూట్: కాళీమాత గుడి దగ్గర మొదలు, సబ్‌మెరైన్, పార్క్ హోటల్ మీదుగా తెన్నేటి పార్కు వైపు వెళ్లి, అదే దారిలో వెనక్కి. 10కె వాళ్లు 5వ కి.మీ. బోర్డు దగ్గర, 5కె వాళ్లు 2.5 దగ్గర, 3కె వాళ్లు 1.5 దగ్గర తిరగాలి. సముద్రం పక్క రోడ్డు మనకి, రెండో పక్క బళ్లకి.
>
> 10కె: 5:45కి, 16 ఏళ్లు నిండినవాళ్లకి, కటాఫ్ 90 నిమిషాలు.
> 5కె: 6:10కి, 12 ఏళ్లు నిండినవాళ్లకి, నడవొచ్చు.
> 3కె: 6:20కి, అందరికీ. పదేళ్లలోపు పిల్లలతో పెద్దవాళ్లు ఒకరుండాలి.
> (వయసు రన్ రోజు నాటికి. 18 నిండనివాళ్లకి అమ్మానాన్నల అనుమతి కావాలి.)
>
> ఫీజు: టీషర్టు, మెడల్‌తో రూ.400, ఇందులో రూ.70 పిల్లలకి. టీషర్టు, మెడల్ లేకుండా రూ.250, ఇందులో రూ.140 పిల్లలకి. మొత్తం లెక్క జనవరి ___న ఇక్కడే పెడతాం.
>
> గుడి దగ్గర, 5వ కి.మీ. దగ్గర అంబులెన్సులు. ప్రతి 2.5 కి.మీ.కి నీళ్లు, ఓఆర్‌ఎస్. ఉక్కగా ఉంటుంది, మొదట నెమ్మదిగా వెళ్లండి. గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడిగి రండి. జ్వరం ఉంటే రావద్దు, ___ తేదీలోగా ఎంట్రీ ఇంకొకరికి మార్చుకోవచ్చు.
>
> రిజిస్ట్రేషన్: బయోలో లింక్. కేటగిరీ, సైజు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు నింపి డబ్బు కట్టండి. తెర మీద "___" అన్న పేరు కనబడితేనే కట్టండి. ఆఖరు తేదీ ___, టీషర్టులు ఆ రోజే ఆర్డరిస్తాం. బిబ్ శనివారం ___ దగ్గర, గుర్తింపు కార్డు చూపించి తీసుకోండి.

ఇది పెద్దదే. కానీ ఇందులో తీసేయదగ్గ వాక్యం కనబడితే తీసే ముందు ఆలోచించండి, ఆ వాక్యం పోతే ఏ ప్రశ్నతో ఫోన్ వస్తుంది అని.

వాట్సాప్‌కి ఇదే పంపొచ్చా?

అంత పొడుగు మెసేజ్ అక్కడా మడతపడుతుంది. మొదటి లైను, టైములు, ఫీజు, లింకు ఉంచి మిగతాది లింకులోకి తోసేయండి. భద్రత ముక్కల్లో ఒకటి మాత్రం ఉంచాలి, డాక్టర్ని అడగాల్సిన వాళ్లెవరో చెప్పే లైను. డబ్బు కట్టాక చదివితే దాని ప్రయోజనం సగం పోతుంది. తేదీకి రెండు పక్కలా * పెడితే అక్షరాలు బొద్దుగా కనిపిస్తాయి.

తుపాను వస్తే?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ బీచ్ రోడ్డుని ఏం చేసిందో విశాఖలో ఎవరికీ చెప్పక్కర్లేదు. తుపాను అంత పెద్దది కాకపోయినా, అల్పపీడనం పట్టిందంటే పోలీసులు బీచ్ వైపు ఎవర్నీ రానివ్వకపోవచ్చు.

అందుకని వాయిదా నిర్ణయం ఎప్పుడు చెబుతారో ముందే రాయండి. "వాతావరణ హెచ్చరిక ఉంటే శనివారం సాయంత్రం 6 లోపు ఇదే పేజీలో చెబుతాం. ఎంట్రీలు కొత్త తేదీకి చెల్లుతాయి." డబ్బు వెనక్కి ఇస్తారో ఇవ్వరో కూడా స్పష్టంగా రాయాలి. ఇవ్వకపోవడం తప్పేం కాదు, టీషర్టులు అప్పటికే తయారైపోయి ఉంటాయి. చెప్పకపోవడంతోనే గొడవ.

పోస్టు పెట్టాక టైము మారింది. ఏం చేయాలి?

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో క్యాప్షన్ ఎడిట్ చేయొచ్చు. పోస్టర్ బొమ్మ మీద పాత టైము ఉంటే దాన్నే ఉంచి కింద కొత్తది రాస్తే ఇంకా గందరగోళం. పోస్టరూ మార్చాలి. వాట్సాప్‌లో పంపిన 15 నిమిషాల్లోపే దిద్దుకోవచ్చు. అప్పటికే ఫార్వర్డ్ అయిపోయినవి దిద్దుకోవు, వారం తర్వాత కూడా పాత టైముతో ఊరంతా తిరుగుతూనే ఉంటాయి.

కాబట్టి కొత్త మెసేజ్ మొదట్లోనే "టైము మారింది: 10కె 5:45 కాదు, 6:00" అని పాతదీ కొత్తదీ రెండూ రాయండి. కొత్తది ఒక్కటే రాస్తే రెండు మెసేజ్‌లు చూసినవాడికి ఏది ముందుదో తెలియదు. మెసేజ్ చివర తేదీ వేయండి. రిజిస్టర్ చేసుకున్నవాళ్లందరికీ ఎస్ఎంఎస్ వెళ్లాలి. ఆ ఉదయం పాత టైముకే వచ్చి గుడి ముందు నిలబడేవాళ్లు కొందరు ఎలాగూ ఉంటారు కాబట్టి, 5:30కల్లా ఒక వాలంటీరుని అక్కడ ఉంచండి.